హాజరు పెరిగితే మార్కులు పెరుగుతాయా? లెక్క తెలిసినవాళ్లు చెప్పండి

కోనసీమలో పదో తరగతికి లెక్కలు చెప్తాను. మా క్లాసు 38 మంది హాజరు శాతానికీ అర్ధసంవత్సర మార్కులకీ సహసంబంధ గుణకం కడితే 0.62 వచ్చింది. అది చూసి మా హెడ్మాస్టారు "బడికి రాకే మార్కులు పోతున్నాయి, రానివాళ్లకి జరిమానా వేద్దాం" అంటున్నారు.

నాకెందుకో నమ్మకం కుదరలేదు. 11 మంది గోదావరి అవతల లంక నుంచి పడవ మీద వస్తారు. ఆగస్టులో వరదొస్తే పడవ కట్టేస్తారు, ఇంట్లోకి నీళ్లొస్తే పుస్తకాలు అటక మీదే. వాళ్ల సగటు హాజరు 62 శాతం, మార్కులు 41. మిగతా 27 మందికి 90 శాతం, 63 మార్కులు. రెండు గుంపులకీ విడిగా కడితే గుణకం 0.2 దగ్గరే ఆగింది.

అంటే వరదే రెండింటినీ లాగేస్తోందా? కానీ వరద వల్ల పాఠాలు పోయి, అందువల్లే మార్కులు తగ్గినా లెక్క ఇలాగే వస్తుంది కదా! పైగా లంక గుంపులో 11 మందే. మార్కులు రాక విసిగి బడి మానేసేవాళ్లూ ఇద్దరున్నారు, అక్కడ కారణం తిరగబడింది.

జూన్‌లో పెట్టిన పరీక్ష మార్కులు నా దగ్గరున్నాయి. అప్పుడు సమానంగా ఉన్నవాళ్లని జతకట్టి పోల్చితే ఏమైనా తేలుతుందా?