అప్‌డేట్: అర్ధరాత్రి లాగిన్ ఫెయిల్యూర్ల సంగతి తేలింది

నేను అడిగింది: "రోజూ అర్ధరాత్రి మా డేటాబేస్ లాగ్‌లో ఫెయిలైన లాగిన్‌లు కనిపిస్తున్నాయి. ఎవరైనా హ్యాక్ చేస్తున్నారా?"

హ్యాకర్ కాదండీ. మాదాపూర్ ఆఫీసులో నైట్ షిఫ్ట్‌లో కూర్చుని, మెసేజ్‌లు వదిలేసి టైమ్‌లు మాత్రమే చూశాను.

```
00:00:03
00:00:04
00:00:06
00:00:10
00:00:18
00:00:34
```

మధ్య గ్యాప్‌లు చూడండి: 1, 2, 4, 8, 16 సెకన్లు. ప్రతిసారీ రెట్టింపు. ఫెయిలైతే కాస్త ఆగి మళ్లీ ప్రయత్నించేలా రాసిన ప్రోగ్రామ్‌లు ఇలాగే చేస్తాయి. దాడి చేసే టూల్ కూడా ఆగి ఆగి ప్రయత్నించవచ్చు, కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. కానీ రోజూ అదే యూజర్, ఆరుసార్లు తట్టి ఊరుకోవడం మన ఇంటి దొంగ పనే అనిపించింది.

లీడ్‌కి చూపిస్తే, "అయితే క్రాన్ జాబ్ అయ్యుంటుంది, పాత రిపోర్ట్ సర్వర్ చూడు తమ్ముడూ" అన్నారు. అక్కడ రూట్‌గా `crontab -l` కొడితే ఏమీ లేదు. అది రూట్ జాబ్‌లనే చూపిస్తుంది మరి. `crontab -l -u report` కొడితే దొరికింది: `0 0 * * *`, అంటే రోజూ సరిగ్గా పన్నెండింటికి. పోయిన నెల ఆ యూజర్ డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు, స్క్రిప్ట్‌లో మాత్రం పాతదే ఉండిపోయింది.

నెలరోజులుగా ఆ రిపోర్ట్ రాకపోయినా ఎవరూ అడగలేదంటే అసలు ఎవరైనా చదువుతున్నారా అని నా డౌట్. కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలా, జాబే తీసేయాలా అని మేనేజర్‌కి మెయిల్ పెట్టాం. జవాబు ఇంకా రాలేదు.