9 నెలల్లో లేచిన కోల్డ్ స్టోరేజీ: లోన్ వడ్డీ బిల్డింగ్ ఖర్చులో కలపాలా, వద్దా?

మిర్చియార్డ్_అకౌంట్స్: గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ కట్టాం. లిస్టింగ్ లేని చిన్న కంపెనీ, అప్పుల వడ్డీకి సంబంధించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్ 16 వర్తిస్తుంది. పని జూలై 1న మొదలై మార్చి 31కి పూర్తయింది. దీనికోసమే జూలై 1న 300 లక్షలు 10% వడ్డీకి తీసుకున్నాం. మొత్తం 420 లక్షలు అయింది, మిగతాది బ్యాంక్ క్యాష్ క్రెడిట్, అంటే సీసీ నుంచీ పాత టర్మ్ లోన్ నుంచీ. 420 మీద 10.2% చొప్పున 9 నెలలకి 32.13 లక్షలు బిల్డింగ్‌కి వేశాను. ఆడిటర్ ఒక్క రూపాయి కూడా వద్దంటున్నారు. ఎవరిది రైటు?

రూల్‌బుక్: ఆడిటర్‌దే రైటు. 12 నెలలు దాటకపోతే అది వడ్డీ కలుపుకోదగ్గ ఆస్తి, అంటే క్వాలిఫైయింగ్ అసెట్ కాదు. మొత్తం వడ్డీ లాభనష్టాల ఖాతాకి కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది.

సొంతిల్లు_2: మా ఇంటికి బ్యాంక్ లోన్ తీసుకున్నప్పుడు, కట్టేటప్పటి వడ్డీని ఇల్లు పూర్తయ్యాక ఐదు వాయిదాల్లో క్లెయిమ్ చేసుకోమన్నారు. మీరూ అలా ఐదేళ్లు వేసుకోవచ్చుగా?

బాలెన్స్_కుదిరింది: సొంతిల్లు గారూ, అది ఇంటి ఆదాయం మీద పన్ను లెక్క. ఇక్కడ అడిగింది కంపెనీ పుస్తకాల సంగతి, రెండింటికీ చుట్టరికం లేదు.

రూల్‌బుక్ గారు సగం చెప్పారు. ఏఎస్ 16లో ఉన్నది "సాధారణంగా 12 నెలలు" అని. పరిస్థితులను బట్టి తక్కువ కాలమైనా, ఎక్కువ కాలమైనా సమర్థించుకోగలిగితే అదే తీసుకోవచ్చు. కాబట్టి 9 నెలలైతే తలుపు మూసుకుపోదు గానీ, తెరిపించే భారం మీ మీదే ఉంటుంది.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. మీరు లెక్కపెట్టింది పునాది తవ్విన రోజు నుంచి. ఆస్తిని వాడకానికి సిద్ధం చేసే పనుల్లో కట్టుబడికి ముందు జరిగే సాంకేతిక, పరిపాలన పనులూ చేరతాయని స్టాండర్డే చెబుతోంది. మట్టి పరీక్ష, డ్రాయింగులు, ప్లాన్ అప్రూవల్ ఎప్పుడు మొదలుపెట్టారు? ఫిబ్రవరి మొదట్లో అయితే మీది 14 నెలల పని.

మిర్చియార్డ్_అకౌంట్స్: మట్టి పరీక్ష ఫిబ్రవరి చివర్లో. డ్రాయింగులు ఏప్రిల్‌లో ఇచ్చారు. అప్రూవల్ జూన్ 20న వచ్చింది.

రూల్‌బుక్: మరి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫైలు బల్ల మీద పడి ఉంటే అది "సిద్ధం చేయడం" ఎలా అవుతుంది? ఎదురుచూడటం కదా. అప్రూవల్ కాలాన్ని కలిపి 12 దాటించడం లాగిపట్టినట్టే ఉంది నాకు.

బాలెన్స్_కుదిరింది: ఆ అభ్యంతరంలో పస ఉంది. ఫైలు ఊరికే పడి ఉన్నరోజులు వేరు, ప్రశ్నలు వచ్చి డ్రాయింగు సవరించి తిరిగి ఇచ్చిన రోజులు వేరు. ఉత్తరప్రత్యుత్తరాలు ఉంటే కలుపుతాను, లేకపోతే కలపను. ఒక ఆడిటర్ ఒప్పుకుంటారు, ఇంకొకరు ఒప్పుకోరు, అది నిజం. ఇంకో మాట, కాలాన్ని ఫిబ్రవరి నుంచి కొలిచినా వడ్డీ కలపడం మాత్రం ఫిబ్రవరి నుంచి కాదు. ఖర్చు పెట్టడం, వడ్డీ పడటం, పని జరగడం, ఈ మూడూ ఒకచోట చేరిన రోజు నుంచే. మీ విషయంలో అది జూలై 1.

సరే, కలపవచ్చు అనుకుందాం. అప్పుడు కూడా మీ 32.13 తప్పు. మొత్తం ఖర్చు జూలై 1నే పెట్టేసినట్టు వేశారు. చెల్లింపుల తేదీలు ఇవ్వండి. బిల్లు తేదీలు కాదు, డబ్బు వెళ్లిన తేదీలు.

మిర్చియార్డ్_అకౌంట్స్: జూలై 1న 120, అక్టోబర్ 1న 120, జనవరి 1న 120, ఫిబ్రవరి 1న 60. లోన్‌లో వాడని డబ్బు 6% ఎఫ్‌డీలో పెట్టాం. సీసీ 200 లక్షలు 12%కి, పాత టర్మ్ లోన్ 300 లక్షలు 9%కి. ఏడాదంతా దాదాపు అంతే నిల్వ.

బాలెన్స్_కుదిరింది: ముందు ప్రత్యేక లోన్. 300 లక్షల మీద 10% చొప్పున 9 నెలలకి 22.5 లక్షలు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా 180 లక్షలు ఎఫ్‌డీలో ఉన్నాయి, రాబడి 2.7. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 60 లక్షలు, రాబడి 0.9. ఈ 3.6 తీసేస్తే 18.9 లక్షలు.

జనవరి చెల్లింపుతో ప్రత్యేక లోన్ అయిపోయింది. అందులో 60 లక్షలు సాధారణ అప్పుల నుంచి, 3 నెలలకి. ఫిబ్రవరి 60 లక్షలు 2 నెలలకి. ఏడాది లెక్కకి మారిస్తే 15, 10 కలిపి 25 లక్షలు. సీసీ, టర్మ్ లోన్ రెండింటి వడ్డీ 51, అసలు 500, రేటు 10.2%. అంటే 2.55 లక్షలు. రేటు మీరు సరిగ్గానే కట్టారు, ప్రత్యేక లోన్‌ని అందులో కలపలేదు. కానీ దాన్ని మొత్తం 420 మీద రుద్దారు.

```
22.50 - 3.60 + 2.55 = 21.45 లక్షలు
```

మీ అంకె కంటే 10.68 లక్షలు తక్కువ. కాంట్రాక్టర్ బిల్లులో 5% రిటెన్షన్ పట్టుకుని ఉంటే అది చెల్లించేదాకా ఖర్చు కాదు, అదీ ఒకసారి చూసుకోండి.

సైట్_నుంచి: పని మధ్యలో ఎక్కడా ఆగలేదా? గుంటూరులో అక్టోబర్, నవంబర్ అంటే వాయుగుండాలు.

మిర్చియార్డ్_అకౌంట్స్: నవంబర్, డిసెంబర్ రెండు నెలలూ కాంట్రాక్టర్ ఆపేశారు. రేటు పెంచమని పేచీ.

బాలెన్స్_కుదిరింది: ఇది ముందే చెప్పాల్సింది! వర్షం మన ప్రాంతంలో ఏటా వచ్చేదే, దానికి వడ్డీ ఆపక్కర్లేదు. రేటు పేచీతో రెండు నెలలు ఆగితే ఆ కాలపు వడ్డీ బిల్డింగ్‌కి ఎక్కదు. 5 లక్షల వడ్డీ, దానికి ఎదురుగా 0.6 ఎఫ్‌డీ రాబడి, నికరంగా 4.4 లాభనష్టాలకి వెళ్తుంది. బిల్డింగ్‌కి మిగిలేది 17.05. పైగా "అవసరమైన కాలం" లెక్కలో ఆ రెండు నెలలు తీసేయాలి. మట్టి పరీక్ష ఫిబ్రవరి చివర్లో కాబట్టి ఉన్నది దాదాపు 13, అది కాస్తా 11 అయింది. ఇప్పుడు ఆ అప్రూవల్ ఉత్తరాల మీదే మీ కేసు ఆడుతోంది.

సైట్_నుంచి: 2019లో ఇసుక దొరక్క ఆంధ్రలో పనులు నిలిచిపోయాయి కదా. అది వర్షం కోవలోకా, పేచీ కోవలోకా?

రూల్‌బుక్: పేచీ కోవలోకే. ఏటా వచ్చే ఆటంకం కాదుగా.

బాలెన్స్_కుదిరింది: నేనైతే రెండు వారాలు ఆగితే వదిలేస్తాను, రెండు నెలలు ఆగితే ఆపేస్తాను. ఆ మధ్యలో ఎక్కడ గీత గీయాలో స్టాండర్డ్ చెప్పలేదు.

ఐసీడీఎస్_మావయ్య: పన్ను లెక్క వేరుగా ఉంచుకోండి. ఆదాయపన్ను లెక్కల స్టాండర్డ్ ఐసీడీఎస్ 9లో ప్రత్యేక లోన్‌కి 12 నెలల షరతు లేదు, బిల్డింగ్ అయితే చాలు. పని ఆగినా వడ్డీ ఆపమనదు, ఎఫ్‌డీ రాబడి తగ్గించమనీ అనదు. ఆస్తి మొదట వాడేదాకా నడుస్తుంది. అంటే పుస్తకాల్లో ఏది తేలినా, పన్నులో 22.5 బిల్డింగ్‌కే. మార్చి 31న సిద్ధమై మిర్చి బస్తా మేలో దిగితే, ఏప్రిల్, మే వడ్డీ కూడా పన్ను లెక్కలో ఎక్కుతుంది. సాధారణ అప్పులకి మాత్రం 12 నెలల షరతు ఉంది. రెండు లెక్కల తేడా మీద డిఫర్డ్ టాక్స్ మర్చిపోవద్దు.

సైట్_నుంచి: మార్చి 31న సిద్ధమైందంటున్నారు. కంప్రెసర్లు అప్పటికి ట్రయల్ అయ్యాయా? గోడలూ పఫ్ ప్యానెళ్లూ ఉన్నంత మాత్రాన చల్లగా ఉండదు.

మిర్చియార్డ్_అకౌంట్స్: ట్రయల్ మార్చి 28న. గేటు పెయింటింగ్ ఏప్రిల్‌లో.

బాలెన్స్_కుదిరింది: అయితే వడ్డీ మార్చి 28నే ఆగాలి, పెయింటింగ్ దానికి అడ్డు కాదు. మూడు రోజుల తేడా తీసేయండి. ప్రత్యేక లోన్ వడ్డీ రోజుకి దాదాపు 8,200. ఆడిటర్ దగ్గరికి ఏప్రిల్ నుంచి జూన్ దాకా నడిచిన అప్రూవల్ ఉత్తరాలు, కాంట్రాక్టర్ పేచీ మెయిళ్లు, ట్రయల్ రిపోర్ట్ పట్టుకెళ్లండి.

రూల్‌బుక్: ఆ ఉత్తరాలు రెండుమూడే ఉంటే నేను మొదట చెప్పిందే మళ్లీ చెబుతాను.