చెన్నై ట్రిప్పు డ్రైవర్‌కి రోజా: ఖజా ఎలా పూర్తి చేయాలి?

అందరికీ సలాం. మా బావ తిరుపతి–చెన్నై లారీ డ్రైవర్, హనఫీ పద్ధతి. చిత్తూరు ట్రిప్పు 77 కిలోమీటర్ల లోపే కాబట్టి రోజా మానడానికి వీల్లేదు, చెన్నైకైతే మినహాయింపు ఉంది. అదైనా ఫజర్ వేళకే ఊరు దాటి ఉంటేనే. తెల్లారాక బయల్దేరితే ఆ రోజు ఉండాల్సిందే.

మొన్న ఎనిమిదింటికి బయల్దేరి, పుత్తూరు దగ్గర కళ్లు తిరిగి స్టీరింగ్ పట్టు తప్పేలా ఉంటే నీళ్లు తాగాడు. ప్రాణాపాయం కాబట్టి ఖజా ఒక్కటే, కఫ్ఫారా అరవై రోజులు పడవని నా అవగాహన. సరేనా?

కోలుకునేవాడే కాబట్టి ఫిద్యా చెల్లదు. వారానికి ఆరు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఖజాలు వరుసగా ఉండక్కర్లేదు కదా, పగలు చిన్నదయ్యే డిసెంబరులో సెలవురోజుల్లో ఒక్కొక్కటిగా పెట్టుకోవచ్చా? నియ్యత్ మాత్రం ఫజర్‌కి ముందే ఉండాలని తెలుసు. ఇలా డ్యూటీలతో తీర్చుకున్నవాళ్లు ఎలా సర్దుకున్నారో చెప్పండి.