హైదరాబాదు జనాభా ఎంత? సెన్సస్ ఒకటి చెబుతుంది, అంచనాలు ఇంకోటి

మూసీఒడ్డు: కాలనీ సంఘం తరఫున బస్సుల కోసం అర్జీ రాస్తున్నాం. 2011 సెన్సస్‌లోనే హైదరాబాదు జనాభా ఒకచోట 39 లక్షలు, ఇంకోచోట 67 లక్షలు, మరోచోట 77 లక్షలు అని ఉంది. బయట చూస్తే కోటి దాటిందంటున్నారు. ఒకే ఊరికి ఇన్ని లెక్కలేంటి, నేను ఏది రాయాలి?

కూకట్‌పల్లి కిరణ్: ఇందులో పెద్ద పజిల్ ఏం లేదు. సెన్సస్ పాతబడింది, అంతే. 2001లో కార్పొరేషన్ జనాభా 36 లక్షలు, 2011కి 67 లక్షలు. పదేళ్లలో 85 శాతం. అదే ఊపు వేసుకుంటే 2021కే దాదాపు కోటీ పాతిక లక్షలు అవ్వాలి. ధైర్యంగా రాసేయండి.

రిటైర్డ్ సార్: కిరణ్ గారూ, మీ 36 ఒక ఊరిది, 67 ఇంకో ఊరిది. 2007లో పాత కార్పొరేషన్‌కి చుట్టూ ఉన్న 12 మునిసిపాలిటీలను కలిపి గ్రేటర్ చేశారు. ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజ్‌గిరి, శేరిలింగంపల్లి, మీ కూకట్‌పల్లి కూడా అందులోవే. 2001లో మీరంతా ఉన్నారు, కాకపోతే వేరే పేజీలో ఉన్నారు. పేజీ మారితే జనం పుట్టినట్టు కాదు.

గీత కదలని చోట చూడండి. హైదరాబాదు జిల్లా సరిహద్దు ఆ పదేళ్లలో మారలేదు. 2001లో 38.3 లక్షలు, 2011లో 39.4 లక్షలు. అంటే పదేళ్లకి మూడు శాతం. దాన్ని చుట్టి ఉన్న అప్పటి రంగారెడ్డి జిల్లా 35.7 లక్షల నుంచి దాదాపు 53 లక్షలకి పోయింది, 48 శాతం. ఊరు పెరిగింది నడిబొడ్డులో కాదు, అంచుల్లో. అందుకని ఏ గీత లోపల లెక్కపెట్టారన్నది ముందు చూసుకోవాలి, ఎంత అన్నది తర్వాత.

కూకట్‌పల్లి కిరణ్: జిల్లాలో మూడు శాతమా? కోఠీలో సాయంత్రం ఆరింటికి ఒకసారి నిలబడి చూడండి సార్.

రిటైర్డ్ సార్: కోఠీలో సాయంత్రం ఆరింటికి ఉన్నవాళ్లు రాత్రి పదింటికి ఎక్కడ పడుకుంటున్నారో సెన్సస్ అడుగుతుంది. పాత ఇళ్లు గోడౌన్లయ్యాయి, పిల్లలు మియాపూర్ వైపు ఫ్లాట్లు కొనుక్కున్నారు.

కల్యాణి_అల్వాల్: మరి 77 ఎక్కడిది?

రిటైర్డ్ సార్: గ్రేటర్‌తో బాటు దానికి అతుక్కుని పెరిగిన పట్టణ ప్రాంతాన్నీ ఒక్క ఊరిగా చూస్తే వచ్చేది. సెన్సస్ వాళ్లు దాన్ని అర్బన్ అగ్లామరేషన్ అంటారు. మీ అల్వాల్ పక్కనే ఉన్న కంటోన్మెంట్ గ్రేటర్‌లో లేదు, కానీ ఇందులో ఉంది. మొదట 77.5 లక్షలని ప్రకటించి, తుది లెక్కలో 76.8 చేశారు.

ఇక ఆ కోటి, అది ఐక్యరాజ్యసమితి అంచనా. వాళ్లు వచ్చి ఇల్లిల్లూ తిరగలేదు. ఈ అగ్లామరేషన్‌కి 2001లో 57.4 లక్షలు, 2011లో 76.8. ఏడాదికి 2.9 శాతం చొప్పున పెరిగినట్టు. ఆ ఊపే సాగిందనుకుని ఇంకో తొమ్మిదేళ్లు ముందుకు లాగండి, 2020కి కోటి వస్తుంది. వాళ్లు 2018లో వేసిన అంచనా కూడా సరిగ్గా అంతే. వాళ్ల పద్ధతి ఇంతకన్నా కాస్త సంక్లిష్టం, కానీ ఇంధనం ఇదే. ఊపు తగ్గినా, ఇంకా పెరిగినా ఆ లెక్కకి తెలీదు, మధ్యలో కొత్త సెన్సస్ రాలేదు కాబట్టి. 2021లో జరగాల్సింది 2027కి పోయింది.

మెస్సు భోజనం: నా కథ వినండి. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే. అప్పటికి నాలుగేళ్లుగా అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నా. ముందు రోజు రాత్రి బస్సులో నిలబడే నల్గొండ పోయిన. సర్వేలో పేరు లేకపోతే రేషన్ కార్డు పోతదని అమ్మ ఏడ్చింది. మా గదిలో నలుగురం, నలుగురమూ ఊర్లకే పోయినం. తెల్లారి హైదరాబాదు కర్ఫ్యూ పెట్టినట్టు ఉందట. ఇగ హైదరాబాదు లెక్క ఎట్ల నిజమైతది?

రిటైర్డ్ సార్: బాబూ, అది సెన్సస్ కాదు.

మెస్సు భోజనం: సర్కారు లెక్కే కద సార్.

రిటైర్డ్ సార్: సర్కారుదే, కానీ ప్రశ్న వేరు. 2011లో నేను ఎన్యూమరేటర్‌ని. ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు, మామూలుగా ఎక్కడుంటావో అక్కడ రాయాలి. కార్డు ఎక్కడిదని మేం అడగలేదు. మా బ్లాకులో ఒక హాస్టల్ ఉండేది, ముందే చేత్తో గీసుకున్న మ్యాపులో దానికీ ఒక నంబరు వేశాను. 28 రాత్రి ఫుట్‌పాత్ మీద పడుకున్నవాళ్లని రాయడానికి టార్చిలైటుతో తిరిగాం. మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ గడప గడపకీ వెళ్లి, పుట్టినవాళ్లని కలిపి, పోయినవాళ్లని కొట్టేశాం. నువ్వు 2014లో ఊళ్లో లెక్కకొచ్చావు. 2011లో హాస్టల్లోనే ఉన్నావు కాబట్టి ఇక్కడే లెక్కకొచ్చుంటావు.

కూకట్‌పల్లి కిరణ్: అంటే మీ సెన్సస్‌లో ఒక్కరూ తప్పిపోలేదా? మా అపార్ట్‌మెంట్లో ఈమధ్య ఒక సర్వేకి తలుపు మీద స్టిక్కర్ అంటించి పోయారు, మళ్లీ మొహం చూపించలేదు.

రిటైర్డ్ సార్: తప్పిపోయారు. నేనే ఒక తాళం వేసిన ఇంటికి మూడుసార్లు తిరిగి వదిలేశాను. సెన్సస్ తర్వాత కొన్ని బ్లాకుల్లో వేరేవాళ్లతో మళ్లీ లెక్కపెట్టించి పోల్చారు. దేశం మొత్తం మీద వెయ్యికి 23 మంది తప్పిపోయారని తేలింది, పల్లెల కంటే పట్నాల్లో ఎక్కువ. కానీ ఆ తప్పిపోయినవాళ్లని అచ్చైన అంకెలో కలపరు. అయినా ఇరవై ముప్పై లక్షల తేడా దీంతో రాదండీ. అది గీతల వల్ల, ఊపు లాగడం వల్ల వచ్చేది.

కూకట్‌పల్లి కిరణ్: ఎప్పుడూ గీతలే! ఇరవై ఏళ్లుగా పన్ను కడుతున్నా. మా వీధికి నీళ్లు రోజు విడిచి రోజు. అడిగితే పాత జనాభా ప్రకారం కేటాయింపు అంటారు. పదిహేనేళ్ల కిందటి అంకెతో ఇవాళ నీళ్లిస్తే ఎవడికి సరిపోతాయి? మీరు మూడు శాతం, 2.9 శాతం అంటుంటే ఒళ్లు మండుతోంది.

కల్యాణి_అల్వాల్: ఇదా అసలు సంగతి, ముందే చెప్పొచ్చుగా.

రిటైర్డ్ సార్: నీళ్ల సంగతిలో మీదే న్యాయం. అంచులు ఎంత పెరిగాయో 2011 అంకె చెప్పలేదు, నేను దాన్ని సమర్థించట్లేదు. కానీ 85 శాతం అని రాస్తే ఆఫీసులో కూర్చున్నవాడు ఒక్క నిమిషంలో కొట్టేస్తాడు, మీ అర్జీ బుట్టలోకి పోతుంది.

మెస్సు భోజనం: నీళ్లు తాగేది ఇక్కడ, లెక్కలో ఉండేది నల్గొండల. నా వాటా నీళ్లు ఊర్ల పారుతున్నయన్నట్టు 😀

రిటైర్డ్ సార్: నవ్వులాటకే అన్నా పాయింటుంది. సెన్సస్ ప్రకారం నువ్వు హైదరాబాదువాడివి, కార్డు ప్రకారం నల్గొండవాడివి. ఏ పథకానికి ఏ లెక్క వాడాలో నాకూ గట్టిగా తెలీదు.

కూకట్‌పల్లి కిరణ్: తెలీదన్నారు కదా, చాలు.

మూసీఒడ్డు: నేను ఏది రాయాలో ఇంకా ఎవరూ చెప్పలేదు.

రిటైర్డ్ సార్: ఊరు మొత్తం అంకె వదిలేయండి, బస్సుకి అది పనికిరాదు. సెన్సస్ వార్డుల వారీగా ఇస్తుంది. మీ వార్డు 2011 జనాభా రాసి, పక్కనే సంవత్సరం వేయండి. తర్వాత కట్టిన అపార్ట్‌మెంట్లు ఎన్ని, వాటిలో జనం ఉంటున్న ఫ్లాట్లు ఎన్ని అని మీ సంఘం వాళ్లే తిరిగి లెక్కపెట్టి కింద చేర్చండి. వార్డు గీతలు 2011 తర్వాత మారాయి, పాత మ్యాపు దగ్గర పెట్టుకోండి.

మూసీఒడ్డు: మా వార్డు రెండు ముక్కలయింది సార్. సగం ఇటు, సగం అటు.

కూకట్‌పల్లి కిరణ్: 😂😂 మళ్లీ గీత!