చెవిలో పొక్కులు, మూతి వంకర: శుక్రవారం దాకా ఆగొచ్చా?

అమ్మకి 58, షుగర్ ఉంది, ఉండేది గాజువాక. ఆదివారం నుంచి కుడి చెవి ఒకటే పోటు, క్లినిక్‌లో ఇచ్చిన చుక్కల మందు వేసినా తగ్గలేదు సరికదా నిన్న చెవి గుంటలో నీటి పొక్కులు లేచాయి. ఈరోజు, మంగళవారం పొద్దున పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడి పక్క నుంచి కారిపోయాయి, మూతి ఎడమకి లాగేసింది, కుడి కన్ను మూతపడట్లేదు, నుదురు కూడా అటు ముడత పడట్లేదు. చెయ్యి, కాలు, మాట బానే ఉన్నాయి. పక్కింటావిడ పక్షవాతం అంటోంది, ఫార్మసిస్ట్ అయిన మా బావ మాత్రం పొక్కులున్నాయి కాబట్టి రామ్‌సే హంట్ అయ్యుంటుంది, పాత ఆటలమ్మ వైరస్సే లేచి ముఖం నరాన్ని పట్టుకుంటుంది, మూడు రోజుల్లోపు వాలాసైక్లోవిర్, స్టెరాయిడ్ మొదలెడితే కోలుకునే ఛాన్స్ ఎక్కువ అన్నాడు. షుగర్ మనిషికి స్టెరాయిడ్ సొంతంగా ఎలా వేస్తాం? ఈఎన్‌టీ అపాయింట్‌మెంట్ శుక్రవారానికి గానీ దొరకలేదు. అప్పటిదాకా ఆగొచ్చా, ఈ రాత్రే కేజీహెచ్ క్యాజువాలిటీకి తీసుకెళ్ళిపోవాలా?