రీకాన్‌లో మిగిలిన తేడాను నికరంగా మోయాలా, పద్దుల వారీగా మోయాలా?

ఉదయం ఆరు షిఫ్ట్
నేను నానక్‌రామ్‌గూడలో ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో ఏటీఎం రీకాన్, అంటే మా పద్దులను సెటిల్‌మెంట్ ఫైలుతో సరిచూసే పని చేస్తున్నాను, చేరి ఏడు నెలలైంది. మా కస్టమర్లు ఇతర బ్యాంకుల ఏటీఎంలలో తీసిన డబ్బు నాకు అప్పగించిన భాగం. ఉదయం తొమ్మిదిలోపు ఓపెన్ ఐటెమ్‌లు తగ్గించాలి కాబట్టి, ప్రతి లావాదేవీకి ఉండే రెఫరెన్స్ నంబరు ఆర్ఆర్ఎన్‌తో కలవనివాటిని డబ్బు మొత్తాన్ని బట్టి జత కలిపేయమని, చివరికి మిగిలిన తేడాను ఒకే వరుసలో నికరంగా రాసి తర్వాతి షిఫ్ట్‌కు అప్పగించమని మా లీడ్ చెప్తున్నారు. రెండు వైపులా మొత్తం సరిపోతున్నప్పుడు ఇందులో తప్పేముంది?

తొమ్మిదింటి గడువు
తప్పేమీ లేదనే నా అభిప్రాయం. పద్దెనిమిది వేల ఎంట్రీలున్న ఫైలులో ఐదు వందల ఎంట్రీలు ఆర్ఆర్ఎన్‌తో కలవకపోతే, వాటిని ఒక్కొక్కటిగా, బ్యాంకుల మధ్య ఏటీఎం మెసేజ్‌లు నడిపే స్విచ్ లాగ్‌లో వెతుక్కుంటూ కూర్చుంటే మధ్యాహ్నమైనా పని తెమలదు. సెటిల్‌మెంట్ ఖాతాలో నిల్వ ఎంతో ట్రెజరీకి పొద్దున్నే తెలియాలి. ఐదు వేలు ఎవరివైనా ఐదు వేలే కదా. లీడ్ మీద పడే ఒత్తిడి ఏమిటో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే అర్థమవుతుంది.

స్విచ్ లాగ్ పాఠకుడు
ఐదు వేలు ఎవరివైనా ఐదు వేలే అన్న మాట బ్యాంకు ప్రధాన లెడ్జర్ అయిన జీఎల్ నిల్వకు వర్తిస్తుంది, కస్టమర్ ఖాతాకు వర్తించదు. ఏటీఎంలో తీసే మొత్తాలు ఎక్కువగా ఐదు వందలు, రెండు వేలు, ఐదు వేలు, పది వేలే కాబట్టి, ఒక్క రోజు ఫైలులోనే ఐదు వేల ఎంట్రీలు వందల్లో ఉంటాయి. అలాంటి చోట మొత్తాన్ని చూసి జత కలపడమంటే, గుడి మెట్ల దగ్గర చెప్పులను సైజు చూసి పంచిపెట్టడమే.

నేను దగ్గరుండి చూసిన ఒక ఉదంతం చెప్తాను. సోమవారం రాత్రి 11:12కు ఒక కస్టమర్ వేరే బ్యాంకు ఏటీఎంలో ఐదు వేలు అడిగారు. మా వైపు ఖాతాలో డెబిట్ పడింది, ఈలోగా స్విచ్‌లో టైమౌట్ అయ్యి యంత్రం డబ్బు ఇవ్వలేదు, రావలసిన రివర్సల్ మెసేజ్ మా కోర్ బ్యాంకింగ్‌కు చేరలేదు. మాకు సెటిల్‌మెంట్ రోజు రాత్రి పదకొండుకు ముగుస్తుంది, జీఎల్ తేదీ మాత్రం అర్ధరాత్రికి మారుతుంది. అందుకని సోమవారం పదకొండు దాటాక పడిన 31 ఎంట్రీలు మరుసటి ఫైలులో కలుస్తాయని చెప్పి సహజంగానే ముందుకు తీసుకెళ్లారు. అంతవరకు చేసినది సరైనదే.

బుధవారం ఉదయం మంగళవారపు ఫైలు వచ్చినప్పుడు ఆ 31లో 30 ఆర్ఆర్ఎన్‌తో కలిశాయి. మిగిలిన ఒక్కటి ఏ ఫైలులోనూ ఎప్పటికీ రాదు, ఎందుకంటే అవతలి వైపు ఆ లావాదేవీ పూర్తి కాలేదు. కానీ షిఫ్ట్‌లో ఉన్నవాళ్లు దానిని మొత్తం చూసి, పాతది ముందు అన్న నియమంతో, మంగళవారం మధ్యాహ్నం ఇంకెవరో తీసుకున్న ఐదు వేల ఎంట్రీతో కలిపేశారు. అప్పుడు ఆ ఇంకెవరి జీఎల్ ఎంట్రీ జత లేకుండా మిగిలింది, దానికి మరో ఐదు వేలు దొరికింది, అలా జరుగుతూ జరుగుతూ చివరికి మంగళవారం రాత్రి 10:50కి డబ్బు నిక్షేపంగా చేతికి అందిన ఒక కస్టమర్ ఎంట్రీ ఓపెన్‌గా నిలిచింది. మరునాడు అదీ కలిసిపోయి ఇంకొకటి మిగిలింది. నాలుగు రోజులు హ్యాండోవర్ షీటులో ఐదు వేల తేడా ఒక్కటే కనిపించింది, కానీ ప్రతి రోజూ అది క్రితం రోజే పుట్టిన కొత్త తేడాలా కనిపించింది. ఐదో రోజు ఎవరో స్విచ్ లాగ్ తెరవకుండానే ఆ రోజు మిగిలిన ఎంట్రీకి రివర్సల్ ఇచ్చేశారు. డబ్బు అందినవారికి మళ్లీ ఐదు వేలు జమ అయ్యింది, అసలు పోగొట్టుకున్నవారు ఆ తర్వాతి బుధవారం దాకా శాఖ చుట్టూ తిరిగారు.

ఇలాంటిది నడుస్తోందని పసిగట్టడానికి తేలికైన గుర్తు ఒకటుంది. వరుసగా మూడు నాలుగు రోజుల హ్యాండోవర్ షీట్లు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా మొత్తం అంతే ఉండి, దాని ఆర్ఆర్ఎన్ మాత్రం రోజుకొకటిగా మారుతూ ఉంటే, అసలు తేడా ఎక్కడో పాత తేదీలో పాతుకుపోయి ఉందన్నమాట. మీ లీడ్ చెప్పినట్టు నికరంగా ఒకే వరుస రాస్తే ఆ గుర్తు కూడా మిగలదు, ఎందుకంటే ఆ వరుసలో ఆర్ఆర్ఎన్‌కు చోటే ఉండదు.

ఉప్పల్ గృహిణి
నాకు మీ పని సంగతి తెలియదు కానీ నా బాధ ఇదే అనిపించి రాస్తున్నాను. పోయిన నెల మా ఇంటి దగ్గర ఏటీఎంలో రెండు వేలు అడిగితే డబ్బు రాలేదు, ఖాతాలో మాత్రం కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. శాఖలో అడిగితే రీకాన్‌లో ఉందమ్మా, వస్తుంది అని పంపేశారు. ఎనిమిదో రోజున వచ్చింది. రీకాన్ అంటే మమ్మల్ని తిప్పుకోవడానికి చెప్పే మాట అనుకున్నాను. ఇంతకీ ఎనిమిది రోజులు న్యాయమేనా?

స్విచ్ లాగ్ పాఠకుడు
అమ్మా, న్యాయం కాదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, డెబిట్ పడి డబ్బు రాకపోతే లావాదేవీ జరిగిన రోజు నుంచి ఐదు రోజుల్లోపు బ్యాంకే దానంతట అదే తిరిగి జమ చేయాలి. అది దాటిన ప్రతి రోజుకూ వంద రూపాయల చొప్పున పరిహారం, మీరు ఫిర్యాదు చేయకపోయినా వేయాలి. మీకు మూడు రోజులకు మూడు వందలు పడ్డాయేమో స్టేట్‌మెంట్‌లో చూసుకోండి, పడకపోతే ఆ మెసేజ్ చూపించి రాతపూర్వకంగా అడగండి.

తొమ్మిదింటి గడువు
ఐదు పని దినాలు కదా? సెలవులు, ఆదివారం తీసేస్తే ఎనిమిదో రోజుకు ఆలస్యం ఒక్క రోజే అవుతుందేమో.

స్విచ్ లాగ్ పాఠకుడు
సర్క్యులర్‌లో ఉన్నది క్యాలెండర్ తేదీయే, పని దినం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. నేను చెప్పిన సోమవారం ఉదంతంలో ఐదో రోజు శనివారం. డబ్బు జమ అయ్యింది ఆ తర్వాతి బుధవారం, అంటే తొమ్మిదో రోజు, కాబట్టి నాలుగు రోజులకు నాలుగు వందలు కట్టాల్సి వచ్చింది. పైగా 11:12కు జరిగిన లావాదేవీ మా సెటిల్‌మెంట్ లెక్కలో మంగళవారానికి చెందుతుంది, కస్టమర్ లెక్కలో అది సోమవారమే. అందుకే ముందుకు మోసే పద్దుకు సెటిల్‌మెంట్ తేదీ ఒక్కటే రాస్తే చాలదు, లావాదేవీ తేదీని విడిగా రాసి, వయసు దాని నుంచే లెక్కించాలి.

నోస్ట్రో డెస్క్
గచ్చిబౌలిలో నోస్ట్రో రీకాన్, అంటే విదేశీ బ్యాంకుల్లో మా బ్యాంకుకు ఉన్న ఖాతాల రీకాన్ చేస్తాను. మీరందరూ మొత్తం చూసి కలపడాన్ని పాపంలా మాట్లాడుతున్నారు కానీ మా దగ్గర టాలరెన్స్ లేకుండా పని నడవదు. మేము పది వేల డాలర్లు రావాలని రాసుకుంటాం, మధ్యలో కరస్పాండెంట్ బ్యాంకు తన ఛార్జీ ఇరవై డాలర్లు కోసుకుని 9,980 జమ చేస్తుంది. రెఫరెన్స్ కలిసింది కాబట్టి, ఆ ఇరవైని ఛార్జీల ఖాతాకు రాసి మూసేస్తాం. ఏటీఎం వాళ్లు కూడా ఇలా ఒక హద్దు పెట్టుకోవచ్చు కదా?

స్విచ్ లాగ్ పాఠకుడు
మీరు ముందు రెఫరెన్స్ కలిపి ఆ తర్వాత మొత్తంలో తేడాను ఒప్పుకుంటున్నారు. ఇక్కడ అడుగుతున్నది రెఫరెన్స్‌ను వదిలేసి మొత్తాన్ని ఒప్పుకోవడం గురించి, అంటే సరిగ్గా తలకిందులు. మీలాంటి సందర్భం ఏటీఎంలో పాక్షికంగా డబ్బు వచ్చినప్పుడు ఉంటుంది. ఐదు వేలు డెబిట్ పడి మూడు వేలే వస్తే ఆర్ఆర్ఎన్ ఒకటే, తేడా రెండు వేలు. కానీ ఆ రెండు వేలు కస్టమర్‌వి, వాటిని ఛార్జీల ఖాతాకు రాయలేం. అదే ఆర్ఆర్ఎన్ కింద మిగులుగా ముందుకు మోయాలి.

తొమ్మిదింటి గడువు
సరే, సూత్రం ఒప్పుకుంటాను. కానీ ఆర్ఆర్ఎన్ కలవని ఆ ఐదు వందలను ఏం చేయమంటారు? రోజూ ఐదు వందల ఫెయిల్యూర్లు ఉండవని మీకూ తెలుసు. వాటిలో నాలుగు వందల ఎనభై నిజంగా జరిగినవే.

స్విచ్ లాగ్ పాఠకుడు
అంత పెద్ద సంఖ్యలో కలవడం లేదంటే, లావాదేవీలను కాదు, ఫైలును అనుమానించాలి. ఉదయం ఆరు షిఫ్ట్ గారూ, జీఎల్ నుంచి తీసిన ఫైలును మీరు రీకాన్ టూల్‌లోకి వేసే ముందు ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తున్నారా?

ఉదయం ఆరు షిఫ్ట్
అవునండీ, అక్కర్లేని కాలమ్‌లు తీసేయడానికి తెరుస్తాం. మీరు అడిగాక ఈ రోజు ఫైలు చూశాను. కొన్ని శాఖల నుంచి వచ్చిన భాగంలో ఆర్ఆర్ఎన్ కాలమ్ అంతా ఇలా ఉంది:

```
5.23E+11
5.23E+11
```

వరుసగా వందలాది ఎంట్రీలకు ఇదే. ఇన్నాళ్లూ దీన్ని డిస్‌ప్లే సమస్య అనుకుని పట్టించుకోలేదు.

స్విచ్ లాగ్ పాఠకుడు
పన్నెండు అంకెల ఆర్ఆర్ఎన్‌ను ఎక్సెల్ సంఖ్యగా తీసుకుని అలా కుదించి చూపిస్తుంది. అంతవరకే అయితే కాలమ్‌ను మార్చి అంకెలను వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనిపిస్తున్నదే ఫైలులోకి వెళ్తుంది, మిగతా అంకెలు పోతాయి. ఆ ఫైలును పక్కన పెట్టి, జీఎల్ నుంచి మళ్లీ తీసి, ఇంపోర్ట్ చేసేటప్పుడే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి.

ఉదయం ఆరు షిఫ్ట్
మళ్లీ తీసి టెక్స్ట్‌గా వేశాను. 512 ఓపెన్ ఐటెమ్‌లు 39కి దిగాయి. అందులో 27 రాత్రి పదకొండు తర్వాతివి. మిగిలిన 12లో తొమ్మిది మా దగ్గర డెబిట్ ఉండి ఫైలులో లేనివి, మూడు ఫైలులో ఉండి మా దగ్గర డెబిట్ లేనివి. నికరంగా రాస్తే ఈ మూడు ఆ తొమ్మిదిలో కొంత భాగాన్ని మింగేస్తాయని ఇప్పుడు అర్థమైంది.

పాత లెడ్జర్
నేను కంప్యూటర్లు రాకముందు కోఠిలో ఒక శాఖలో అంతర్ శాఖల పద్దులు కలిపినవాణ్ణి. అప్పుడు కూడా నికరం అనే మాట మహా తీపిగా ఉండేది. ఒక్క సందేహం. ఆ 12ను, తేలని పద్దులను తాత్కాలికంగా ఉంచే సస్పెన్స్ ఖాతాకు మార్చి మోయాలా, సెటిల్‌మెంట్ జీఎల్‌లోనే ఉంచి మోయాలా? మా రోజుల్లో సస్పెన్స్‌కు మార్చేవాళ్లం, కనీసం మేనేజరు కంట పడేది.

స్విచ్ లాగ్ పాఠకుడు
నేను జీఎల్‌లోనే ఉంచుతాను. సస్పెన్స్‌కు మార్చిన రోజున కొత్త ఎంట్రీ తేదీ పడుతుంది, పాత తేదీ వివరణలోకి దిగిపోతుంది, వయసు లెక్క తీసే రిపోర్టు కొత్త తేదీనే పట్టుకుంటుంది.

పాత లెడ్జర్
అది మీ రిపోర్టు రాసినవాడి తప్పు, సస్పెన్స్ తప్పు కాదు బాబూ. జీఎల్‌లోనే ఉంచితే రోజూ వేల ఎంట్రీలు వచ్చిపోయే చోట ఆ 12 ఎవరికి కనబడతాయి? పాత తేదీని విడి కాలమ్‌లో ఉంచే సస్పెన్స్ రిజిస్టర్ మేం చేత్తో రాశాం.

తొమ్మిదింటి గడువు
నేను రేపటి నుంచి ఒక్కటి మారుస్తాను. షిఫ్ట్ మొదలవగానే కొత్త ఫైలుకు ముందు, నిన్నటి నుంచి మోసినవాటినే ఆర్ఆర్ఎన్‌తో వెతికిస్తాను. కానీ తొమ్మిదింటికి ట్రెజరీకి నికర మొత్తమే పంపుతాను, వాళ్లకు కావలసింది అదే. హ్యాండోవర్ షీటు వేరు, ట్రెజరీ మెయిల్ వేరు.

స్విచ్ లాగ్ పాఠకుడు
దానికి నాకు అభ్యంతరం లేదు. ఉదయం ఆరు షిఫ్ట్ గారూ, ఆ తొమ్మిదిలో అన్నిటికన్నా పాత లావాదేవీ తేదీ ఏది?

ఉదయం ఆరు షిఫ్ట్
ఒకటి నాలుగు రోజుల కిందటిదండీ. స్విచ్ లాగ్ తెరుస్తున్నాను.