వీడియో కాల్‌లో స్టాక్ లెక్కపెడితే ‘ప్రత్యక్షంగా చూశాం’ అని రాయొచ్చా?

ప్రశ్న (బరంపురం నుంచి): పర్లాకిమిడి జీడిగింజల గోదాముకి వెళ్లకుండా ఇంటర్నల్ ఆడిట్ ముగించమంటున్నారు. గోదాము ఇన్‌ఛార్జి వీడియోలో అన్నీ చూపిస్తాడట. దాంతో సరిపోతుందా?

రాయగడ: ఎందుకు సరిపోదు? లొకేషన్, టైమ్ ముద్ర పడే కెమెరా యాప్‌తో ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపమనండి. సాక్ష్యం ఉన్నట్టే.

పెద్దాడిటర్: బాబూ, ఆ ముద్రను మార్చే యాప్‌లూ ఉన్నాయి. పైగా వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఫైల్‌లోని అసలు వివరాలు పోతాయి. అయినా ఫోటో ఎక్కడిదన్నది కాదు, ఏది చూపించాలో ఎవరు ఎంచుకున్నారన్నది ముఖ్యం.

మేం గేటు బోర్డు దగ్గర మొదలుపెట్టి కాల్ ఆపకుండా నడిపిస్తాం. ఏ బస్తాల నెట్టు చూడాలో అప్పటికప్పుడు మేమే చెబుతాం. ఒక గోదాములో స్టాక్ కార్డు మీద 360 బస్తాలు. అడుగున 6 × 5, ఎత్తు 12 వరసలు. ముందు నుంచి చూస్తే లెక్క కరెక్టే. నిచ్చెన ఎక్కి టార్పాలిన్ తీయమన్నాం. అంచులు మాత్రమే 12 ఎత్తు, మధ్యలోని 12 చోట్ల ఏడేసి బస్తాలే. అంటే 60 తక్కువ. బస్తా 80 కిలోలైతే 4,800 కిలోలు!

దొంగతనం అనుకున్నాం. ఇ-వే బిల్లుల జాబితా పీడీఎఫ్‌గా పంపుతామన్నారు, వద్దని పోర్టల్‌లో వాళ్లచేతే లాగిన్ చేయించి స్క్రీన్ షేర్‌లో చూశాం. ముందురోజు పలాసకి 60 బస్తాలు వెళ్లాయి. స్టాక్ కార్డులో తగ్గించలేదు, అంతే. గోదాము రెండు చోట్ల ఉంటే మాత్రం రెండు కాల్స్ ఒకేసారి పెట్టండి. లేకపోతే అదే సరుకు లారీ ఎక్కి రెండోచోట మళ్లీ కనిపిస్తుంది.

జయపురం అకౌంటెంట్: నన్ను కూడా వీడియోలోనే అడిగారు అన్నా. మా ఓనర్ కెమెరాకి కనబడకుండా ఎదురుగా కూర్చున్నాడు. ‘క్యాష్ బుక్ రోజూ రాస్తారా’ అంటే ఏం చెబుతాను? ఇంతకీ ఈ వీడియో జీఎస్టీ వాళ్లకి కూడా పంపాలా?

పెద్దాడిటర్: ఇది ఇంటర్నల్ ఆడిట్ తమ్ముడూ, జీఎస్టీ వాళ్ల సంగతి వేరు. మీరు చెప్పింది మాత్రం నిజమైన చిక్కే. నేను గది చుట్టూ కెమెరా తిప్పమంటాను. తర్వాత అదే ప్రశ్న ఇంకొకరిని విడిగా అడుగుతాను. అయినా తలుపు అవతల ఎవరున్నారో నాకు తెలీదు.

రాయగడ: సరే, ఇంత చేశాక ‘ప్రత్యక్షంగా చూశాం’ అని రాసేయొచ్చుగా?

పెద్దాడిటర్: నేను రాయను. ‘మా సూచనల ప్రకారం గోదాము సిబ్బంది కెమెరా పట్టుకోగా వీడియోలో లెక్కించాం’ అని రాసి, తెరిచి చూడని నెట్ల నంబర్లు కింద ఇస్తాను. గింజ బూజు పట్టిందో లేదో ఫోన్‌లో వాసన రాదుగా. గింజలు కోసి చూసే పరీక్షకి మనిషి వెళ్లాల్సిందే.

ప్రశ్న అడిగిన ఆయన: అలా రాస్తే మా మేనేజర్ ఒప్పుకోడండీ. ‘మరి ఆడిట్ ఏం చేసినట్టు’ అంటాడు.

రాయగడ: ఆయన అన్నదీ తప్పు కాదుగా!